రెండు ఫండ్లలో ఏది నయం? షార్ప్ రేషియో మీరే లెక్క వేసుకునే పద్ధతి

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మా బావ పోయినసారి విజయనగరం వచ్చినప్పుడు రెండు మ్యూచువల్ ఫండ్ల కాగితాలు నా ముందు పెట్టాడు. కూతురి బీటెక్ ఫీజుల కోసం దాచిన డబ్బు అది. ఒక ఫండ్ ఏడాదిలో 18 శాతం పెరిగింది, రెండోది 12 శాతం దాటింది. నేను రెండోది చూపించి "ముందు దీని లెక్క వేద్దాం" అన్నాను. "ఏం బావా, 18 వచ్చినదాన్ని వదిలేసి 12 వచ్చినదాన్ని పట్టుకోమంటావా?" అని గట్టిగానే అడిగాడు.

ఇదే ప్రశ్న చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఆ రోజు మేం వేసిన లెక్కంతా వరసగా రాస్తున్నాను. ఫోన్‌లో స్ప్రెడ్‌షీట్ ఉండి, ఓ గంట తీరిక ఉంటే చాలు. ఫండ్ల పేర్లు ఇక్కడ అనవసరం. ఒకటి ఎ, రెండోది బి అనుకుందాం. చేత్తో వేసి చూసుకోవడానికి వీలుగా అంకెల్ని గుండ్రంగా సవరించాను.

## 1. ఈ లెక్క ఏం చెబుతుంది

పైసా రిస్క్ లేకుండా ప్రభుత్వ ట్రెజరీ బిల్లులో పెట్టినా కొంత రాబడి వస్తుంది. ఫండ్ దానికంటే ఎంత ఎక్కువ ఇచ్చిందో అదే ఫండ్ నిజంగా సంపాదించి పెట్టినది. ఆ అదనపు రాబడి కోసం మనం ఎంత ఒడిదుడుకులు భరించామో దానితో భాగిస్తే వచ్చేదే షార్ప్ రేషియో.

```
షార్ప్ రేషియో = (ఫండ్ రాబడి - రిస్క్ లేని రాబడి) / స్టాండర్డ్ డీవియేషన్
```

స్టాండర్డ్ డీవియేషన్ అంటే ఇంటర్ లెక్కల్లో చదువుకున్న ప్రామాణిక విచలనమే. నెలనెలా వచ్చే రాబడి తన సగటు నుంచి మామూలుగా ఎంత దూరం పోతుందో అది చెబుతుంది. బావకి ఇలా చెప్పాను: ఇద్దరు రైతులు నీకు జీడిపిక్కలు అమ్ముతున్నారు. మొత్తం మీద మొదటివాడి దగ్గర కొంచెం ఎక్కువే మిగులుతుంది, కానీ వాడి సరుకు ఒక వారం బంగారం, మరో వారం సగం బస్తా తాలే. ఆ తాలు వారాలకి కూడా విలువ కట్టాకే ఇద్దరినీ పోల్చాలి కదా. వెంటనే అర్థమైంది.

## 2. ముందుగా సమకూర్చుకోవలసినవి

చాలామంది ఇక్కడ తొందరపడతారు. లెక్క తప్పితే నూటికి తొంభై సార్లు తప్పు సూత్రంలో ఉండదు, ఎక్కించిన అంకెల్లో ఉంటుంది. షీట్ తెరిచే ముందు ఇవి సరిచూసుకోండి.

- రెండు ఫండ్లకీ గ్రోత్ ఆప్షన్ ఎన్ఏవీలే, అంటే ఒక్కో యూనిట్ ధరలే, తీసుకున్నానా?
- రెండూ ఏజెంటు లేకుండా కొనే డైరెక్టేనా, లేక రెండూ ఏజెంటు ద్వారా కొనే రెగ్యులరేనా?
- రెండింటికీ ఒకే మొదటి తేదీ, ఒకే ఆఖరి తేదీ ఉన్నాయా?
- నెలాఖరు ఎన్ఏవీలు కనీసం 37 ఉన్నాయా? (37 ఎన్ఏవీలుంటే 36 నెలల రాబడులు వస్తాయి.)
- రిస్క్ లేని రేటు రెండింటికీ ఒక్కటేనా?

ఎన్ఏవీలు ఫండ్ కంపెనీల సంఘమైన యాంఫీ వెబ్‌సైట్‌లోనూ, ఆయా ఫండ్ కంపెనీల సైట్లలోనూ దొరుకుతాయి. నెల చివరి రోజు సెలవైతే అంతకు ముందు పనిదినపు ఎన్ఏవీ తీసుకోండి.

గ్రోత్ ఆప్షనే ఎందుకంటే, ఐడీసీడబ్ల్యూ ఆప్షన్‌లో, అంటే మన పాత డివిడెండ్ ఆప్షన్‌లో, డబ్బు పంచిన రోజు ఎన్ఏవీ ఆ మేరకు పడిపోతుంది. షీట్‌కి అది నష్టంలా కనిపిస్తుంది. దాంతో రాబడి తగ్గినట్టూ ఒడిదుడుకులు పెరిగినట్టూ తేలి, మంచి ఫండ్ కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. బావ తెచ్చిన కాగితాల్లో ఒకటి సరిగ్గా ఐడీసీడబ్ల్యూదే. అది పక్కన పెట్టి గ్రోత్ అంకెలు దింపుకున్నాకే లెక్క మొదలుపెట్టాం.

రిస్క్ లేని రేటుకి రిజర్వ్ బ్యాంక్ ప్రతి వారం వేలం వేసే 91 రోజుల ట్రెజరీ బిల్లు రాబడి తీసుకోవచ్చు. ఫండ్ కంపెనీలు నెలనెలా వేసే ఫ్యాక్ట్‌షీట్లలో మాత్రం చాలావరకు ఎఫ్‌బీఐఎల్ ఓవర్‌నైట్ మైబార్, అంటే బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి ఇచ్చుకునే అప్పు రేటు, వాడతారు, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఆ రేటు వేస్తారు. ఏది తీసుకున్నా ఫరవాలేదు, రెండు ఫండ్లకీ అదే వాడితే చాలు. ఇక్కడ లెక్క తేలికగా ఉండటానికి ఏడాదికి 6 శాతం, అంటే నెలకి 0.5 శాతం అనుకుందాం.

## 3. షీట్ వేయడం

A కాలమ్‌లో నెల, B లో ఎ ఫండ్ ఎన్ఏవీ, C లో బి ఫండ్ ఎన్ఏవీ వేయండి. మొదటి వరుస శీర్షికలకి. ఎన్ఏవీలు 2వ వరుస నుంచి 38వ వరుస దాకా వస్తాయి. పాత నెల పైన, కొత్త నెల కింద ఉండాలి. డౌన్‌లోడ్ చేసిన ఫైలు తలకిందులుగా ఉంటే ముందు సరిచేయండి, లేకపోతే పెరుగుదల తరుగుదలగా మారిపోతుంది.

తర్వాత 3వ వరుసలో ఈ అయిదూ వేసి 38వ వరుస దాకా కిందికి లాగండి. D, E ల్లో నెలవారీ రాబడి, F లో రిస్క్ లేని నెల రేటు, G, H ల్లో అదనపు రాబడి వస్తాయి.

```
D3:  =B3/B2-1
E3:  =C3/C2-1
F3:  =6%/12
G3:  =D3-F3
H3:  =E3-F3
```

చివరగా ఏదైనా ఖాళీ గడిలో:

```
ఎ:  =AVERAGE(G3:G38)/STDEV.S(G3:G38)*SQRT(12)
బి:  =AVERAGE(H3:H38)/STDEV.S(H3:H38)*SQRT(12)
```

SQRT(12) ఎందుకని అందరూ అడుగుతారు. నెల సగటుని ఏడాదికి మార్చాలంటే 12తో హెచ్చించాలి. స్టాండర్డ్ డీవియేషన్‌ని మార్చాలంటే 12 వర్గమూలంతో హెచ్చిస్తే చాలు, ఎందుకంటే కొన్ని నెలల పైకి, కొన్ని నెలల కిందికి కదలికలు ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకుంటాయి. ఒకదాన్ని రెండోదానితో భాగించాక మిగిలేది 12 వర్గమూలం, అంటే సుమారు 3.46.

## 4. బావ ఫండ్లతో చేతి లెక్క

షీట్ ఇచ్చిన అంకెని నమ్మాలంటే ఒక్కసారైనా చేత్తో వేసి చూడాలి. అందుకని 12 నెలలే తీసుకున్నాం. అన్నీ శాతాలు.

| నెల | ఎ | బి |
|---|---|---|
| 1 | 6 | 3 |
| 2 | -4 | -1 |
| 3 | 5 | 2 |
| 4 | 3 | 1 |
| 5 | -5 | -2 |
| 6 | 7 | 3 |
| 7 | 2 | 2 |
| 8 | -3 | -1 |
| 9 | 6 | 3 |
| 10 | -2 | 0 |
| 11 | 4 | 2 |
| 12 | -1 | 0 |

లక్ష రూపాయలు పెడితే ఏడాది చివర ఎ లో సుమారు 1,18,400, బి లో సుమారు 1,12,500 అవుతుంది. బావ చూసింది ఈ రెండు అంకెల్నే.

సగటు. బి కాలమ్ మొత్తం 12, దాన్ని 12తో భాగిస్తే నెలకి 1 శాతం. ఎ మొత్తం 18, సగటు 1.5 శాతం.

అదనపు రాబడి. రెండింటి నుంచీ 0.5 తీసేస్తే బి కి 0.5, ఎ కి 1.0 మిగులుతాయి. ఈ మెట్టు దగ్గర ఎ రెండింతలు సంపాదించినట్టుంది.

ఒడిదుడుకులు. బి లో ప్రతి నెల రాబడి నుంచి సగటు 1 తీసేయాలి. అప్పుడు 2, -2, 1, 0, -3, 2, 1, -2, 2, -1, 1, -1 వస్తాయి. వీటి వర్గాల మొత్తం 34. 11తో భాగించి వర్గమూలం తీస్తే 1.76 శాతం. 12 కాకుండా 11 ఎందుకంటే, సగటుని కూడా ఆ అంకెల్లోంచే తీశాం కాబట్టి ఒకటి తగ్గించాలి. STDEV.S చేసేది కూడా అదే. ఎ కి ఇలాగే వేస్తే వర్గాల మొత్తం 203, డీవియేషన్ 4.30 శాతం.

భాగహారం.

```
ఎ:  1.0 / 4.30 = 0.233;  0.233 x 3.464 = 0.81
బి:  0.5 / 1.76 = 0.284;  0.284 x 3.464 = 0.99
```

రాబడిలో వెనకబడ్డ బి ఇక్కడ ముందుకొచ్చింది. ఎ అదనంగా సంపాదించింది రెండింతలే, కానీ మనల్ని ఊపింది దాదాపు రెండున్నర రెట్లు.

## 5. 0.81, 0.99 అంటే రూపాయల్లో ఎంత

ఇక్కడ ఆగకపోతే ఈ రెండూ ఉత్త అంకెలుగానే మిగిలిపోతాయి. బావ కూడా "అయితే ఏంటి? నాకు చేతికొచ్చేది 18 కదా" అన్నాడు. అందుకే రెండు ఫండ్లనీ ఒకే ఊపు మీద, అంటే ఒకే డీవియేషన్ మీద, నిలబెట్టి చూశాం. ఈ మొత్తం పద్ధతిలో నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునేది ఈ మెట్టే.

లక్ష రూపాయలు పూర్తిగా బి లో పెడితే నెలకి సగటున వెయ్యి రూపాయలు వస్తుంది, ఊపు సుమారు 1,760 రూపాయలు.

ఇప్పుడు ఎ తో అంతే ఊపు రావాలంటే ఎంత పెట్టాలి? 1.76ని 4.30తో భాగిస్తే సుమారు 0.41. అంటే 41 వేలు ఎ లో పెట్టి, మిగతా 59 వేలు నెలకి 0.5 శాతం ఇచ్చే లిక్విడ్ ఫండ్ లాంటి చోట ఉంచాలి.

- ఎ నుంచి: 41,000 మీద 1.5 శాతం, అంటే 615 రూపాయలు
- లిక్విడ్ నుంచి: 59,000 మీద 0.5 శాతం, అంటే 295 రూపాయలు
- మొత్తం: నెలకి 910 రూపాయలు

ఊపు రెండు చోట్లా ఒక్కటే. బి వెయ్యి ఇస్తే, ఎ కలిపిన మిశ్రమం 910 ఇచ్చింది. ఒకే రిస్క్ మీద నెలకి 90 రూపాయల తేడా. షార్ప్ రేషియో ఎక్కువ అనే మాటకి అర్థం ఇదే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. బి ని ఎ అంత ఎత్తుకి తీసుకుపోవాలంటే అప్పు తెచ్చి బి లో పెట్టాలి. మనలాంటివాళ్లకి అది కుదరదు, చేయకూడదు కూడా. కాబట్టి పదిహేనేళ్ల దాకా ముట్టుకోనక్కర్లేని డబ్బైతే, షార్ప్ కొంచెం తక్కువైనా ఎ ని ఎంచుకోవడంలో తప్పులేదు. నాలుగేళ్లలో ఫీజులకి తీయాల్సిన డబ్బుకి మాత్రం ఊపు అసలు సమస్య.

## 6. తరచుగా జరిగే తప్పులు, వాటి సవరణ

రెండు ఫ్యాక్ట్‌షీట్ల అంకెల్ని నేరుగా పోల్చడం. ఒకటి మార్చిది, ఇంకొకటి జూన్‌ది అయి ఉండొచ్చు. రిస్క్ లేని రేటు వేరు కావచ్చు. కొందరు నెలల సగటు కాకుండా చక్రవృద్ధి రాబడి వాడతారు. మన ఎ, బి లకే ఆ పద్ధతిలో వేస్తే 0.83, 1.07 వస్తాయి. ఏదీ తప్పు కాదు, కానీ ఒక పద్ధతిలో వచ్చిన 0.83ని ఇంకో పద్ధతిలో వచ్చిన 0.99 పక్కన పెట్టకూడదు. రెండింటినీ మీ షీట్‌లోనే వేసుకోండి.

ఒకటి డైరెక్ట్, ఒకటి రెగ్యులర్. రెగ్యులర్‌లో ఏజెంటు కమిషన్ ఖర్చు ఉంటుంది కాబట్టి రాబడి తగ్గుతుంది, ఊపు మాత్రం తగ్గదు. ఏడాదికి 1 శాతం ఖర్చు తేడా ఉండి, డీవియేషన్ ఏడాదికి 15 శాతమైతే, షార్ప్‌లో 0.07 దాకా తేడా దాని వల్లే వస్తుంది.

రోజువారీ అంకెలకి SQRT(12) వాడటం. రోజువారీ రాబడులైతే ఏడాదికి సుమారు 250 పనిదినాలు కాబట్టి దాని వర్గమూలం వాడాలి. నా సలహా, నెలవారీ అంకెలతోనే ఉండండి.

మైనస్ అంకెల్ని పోల్చడం. ఇది చాలా మోసం చేస్తుంది. రెండు ఫండ్లూ రిస్క్ లేని రేటు కంటే నెలకి 0.3 శాతం తక్కువ ఇచ్చాయనుకోండి. ఒకదాని డీవియేషన్ 2, ఇంకొకదానిది 4. భాగిస్తే మొదటిది -0.15, రెండోది -0.075. సున్నాకి దగ్గరగా ఉంది కాబట్టి రెండోది నయమనిపిస్తుంది. కానీ అది అంతే నష్టాన్ని రెండింతల ఊపుతో ఇచ్చింది! మైనస్ వస్తే షార్ప్‌ని పక్కన పెట్టి, రాబడినీ డీవియేషన్‌నీ విడివిడిగా చూడండి.

షీట్ తేడాగా అనిపిస్తే. షేర్ల ఫండ్‌కి మూడేళ్ల మీద 3 దాటి వస్తే సంబరపడొద్దు, పెద్ద మైనస్ వస్తే కంగారుపడొద్దు. ముందు F కాలమ్ చూడండి. 6% అని వేయాల్సిన చోట 6 అని, లేదా 12తో భాగించడం మరిచిపోయి వేసి ఉంటే అంకె పెద్ద మైనస్‌లోకి పోతుంది. తర్వాత D, E ల్లో విడ్డూరమైన నెల ఏదైనా ఉందేమో చూడండి. ఒక్క గడిలో దశాంశ బిందువు జారినా లెక్కంతా పాడవుతుంది.

## 7. ఎంత తేడా వస్తే దాన్ని తేడా అనుకోవాలి

ఏడాది అంకెలతో వచ్చిన 0.81, 0.99 లని చూసి బి గెలిచిందనడం తొందరపాటు. షార్ప్ రేషియో కొన్ని నెలల నుంచి తీసిన అంచనా. ఆ అంచనాలో ఎంత అటూ ఇటూ ఉంటుందో తెలియాలంటే 1ని ఏళ్ల సంఖ్య వర్గమూలంతో భాగించండి. ఏడాదికి సుమారు 1, మూడేళ్లకి 0.6, అయిదేళ్లకి 0.45. ఇది ఒక్కో ఫండ్ విషయం. రెండు ఫండ్లూ మార్కెట్‌తో పాటే పడి లేస్తాయి కాబట్టి వాటి మధ్య తేడాలో ఇంత అనిశ్చితి ఉండదు. అయినా మూడేళ్ల లెక్కలో 0.1, 0.2 తేడాని నేను సమానంగానే చూస్తాను.

ఒక్క నెల చేరినా, జారినా అంకె మారిపోతుంది. 2020 మార్చిలో నిఫ్టీ 50 ఒక్క నెలలోనే దాదాపు 23 శాతం పడింది. ఆ నెల ఉన్న మూడేళ్లలో ఒక షేర్ల ఫండ్ ఒకలా కనిపిస్తుంది, అది జారిపోయాక మరోలా కనిపిస్తుంది. ఫండ్ మేనేజరు కొత్తగా చేసిందేమీ ఉండదు.

అందుకని వీలైతే 61 నెలాఖరు ఎన్ఏవీలు తీసుకుని, 60 రాబడుల్ని మూడు కిటికీలుగా చూడండి: 1 నుంచి 36వ నెల దాకా, 13 నుంచి 48 దాకా, 25 నుంచి 60 దాకా. మూడింట్లోనూ ఒకే ఫండ్ ముందుంటే ఆ మాటకి కొంత బలం ఉన్నట్టు. ఒకసారి ఇది, ఒకసారి అది ముందుంటే షార్ప్ వల్ల ఏమీ తేలలేదనుకుని ఖర్చు, గడువుకి ముందే డబ్బు తీస్తే కోసుకునే ఎగ్జిట్ లోడ్, ఎప్పుడు డబ్బు కావాలి అన్నవాటి మీద నిర్ణయించుకోండి.

## 8. ఈ అంకెకి కనిపించనివి

షార్ప్ రేషియో ఎన్ఏవీలో కనిపించిన ఊపునే రిస్క్ అనుకుంటుంది. కొన్ని డెట్ ఫండ్లు రోజూ కొనుగోళ్లు, అమ్మకాలు లేని బాండ్లు పెట్టుకుంటాయి. వాటి ధర రోజూ పరీక్షకి నిలబడదు కాబట్టి ఎన్ఏవీ గీత గీసినట్టు నున్నగా పెరుగుతుంది, షార్ప్ బ్రహ్మాండంగా వస్తుంది. బాండు ఇచ్చిన కంపెనీ డబ్బు కట్టలేకపోయిన రోజునో, ఆ బాండ్లు అమ్ముడుపోని రోజునో అసలు రిస్క్ బయటపడుతుంది. 2020 ఏప్రిల్‌లో మన దేశంలో ఒకే ఫండ్ సంస్థకి చెందిన ఆరు డెట్ పథకాలు మూతపడి, మదుపరులు విడతలవారీగా డబ్బు వచ్చేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది. డెట్ ఫండ్‌కి షార్ప్ మరీ ఎక్కువగా ఉంటే, అందులో ఏ బాండ్లున్నాయో, వాటి రేటింగ్ ఏమిటో పోర్ట్‌ఫోలియో పేజీలో తప్పకుండా చూడండి.

ఇంకొకటి, పైకి ఎగిరిన నెలని కూడా ఈ లెక్క రిస్క్‌గానే చూస్తుంది. మన ఎ ఫండ్‌లో 7 శాతం వచ్చిన ఆరో నెల కూడా డీవియేషన్‌ని పెంచింది. పన్ను, ఎగ్జిట్ లోడ్ ఇందులోకి రావు.

నిర్ణయానికి ముందు ఇవి చూసుకోండి.

- రెండు అంకెలూ ప్లస్‌లోనే ఉన్నాయా?
- తేడా 0.2 దాటిందా, మూడు కిటికీల్లోనూ నిలిచిందా?
- డెట్ ఫండ్ అయితే పోర్ట్‌ఫోలియో చూశానా?
- ఈ ఫండ్‌లో అన్నిటికంటే చెడ్డ నెల ఏది? నా డబ్బు మీద అది ఎన్ని రూపాయలు?
- ఈ డబ్బు నాకు ఎప్పుడు కావాలి?

## 9. చివరికి బావ ఏం చేశాడు

36 నెలల అంకెలతో వేసినప్పుడు ఎ కి 0.62, బి కి 0.71 వచ్చాయి. ఏడాది లెక్కలో కనిపించిన తేడా సగానికి తగ్గింది. షార్ప్ ప్రకారం రెండూ సమానమేనని బావకి ఉన్నది ఉన్నట్టే చెప్పాను. అప్పుడు చెడ్డ నెలల జాబితా తీశాం. ఆరు లక్షల మీద ఎ లో మైనస్ 5 శాతం నెల అంటే 30 వేలు, బి లో మైనస్ 2 శాతం నెల అంటే 12 వేలు. "ఫీజు కట్టే నెలలోనే ఆ 30 వేలు పోతే మళ్లీ అప్పుకెళ్లాలి" అని బావే అన్నాడు.

మొదటి ఏడాది ఫీజుకి సరిపడా డబ్బు లిక్విడ్ ఫండ్‌లో పెట్టాడు, మిగతాది బి లో ఉంచాడు. నెలకి మూడు వేల చిన్న సిప్ మాత్రం ఎ లో కొనసాగిస్తున్నాడు, అది ఫీజులకి కాదు, పదేళ్ల తర్వాతి మాట. షీట్ ఇప్పుడు తన ఫోన్‌లోనే ఉంది. జీడిపిక్కల సీజన్ పని మీద పడేలోపు, ఏటా ఫిబ్రవరిలో 12 కొత్త వరుసలు చేర్చి మూడు కిటికీల్నీ మళ్లీ చూడాలని అనుకున్నాం.